అర కిలో పొడి, 44 కప్పులు

ఈ ఉదయం కాఫీ పొడి డబ్బా అడుగు తగిలింది. చెంచాతో గీకి, చివరి గరిటెడు పొడిని ఫిల్టరులో వేసి, వంటింటి క్యాలెండరులో ఈ రోజు గడిలో నిలువు గీత గీశాను. కొత్త పొట్లం విప్పిన రోజు నుంచి, ఎన్ని కప్పులు తాగితే అన్ని గీతలు గీస్తూ వచ్చాను. మా వారు డబ్బా మూత తీసి చూసి, "అప్పుడే అయిపోయిందా? కిలోకు వంద కప్పులు వస్తాయన్నావు కదా" అన్నారు.

"అర కిలోకి యాభై రావాలండీ. ఈ రోజువి కూడా కలిపితే నలభై నాలుగే అవుతున్నాయి" అన్నాను.

ఆ ఆరు కప్పులు ఎటు పోయాయన్నది రోజంతా మనసులో తిరుగుతూనే ఉంది. కప్పు కాఫీ ఎంత పడుతుందో లెక్క కట్టేవాళ్లు పొడి ధర, పాల ధర సరిగ్గానే రాస్తారు. కిలోకు ఎన్ని కప్పులన్న దగ్గర మాత్రం ఎవరో చెప్పిన అంకె వేసేస్తారు. నేనూ ఇన్నాళ్లూ అంతే చేశాను.

వంద ఎక్కడి నుంచి వచ్చిందో ముందు రాసుకుంటాను. మా ఇంట్లో ఇద్దరికి ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు నాలుగు కప్పులు. ఒకేసారి 40 గ్రాముల పొడి వేసి, దాని మీద 240 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోస్తాను. కిందికి దిగే డికాషన్ 160 మిల్లీలీటర్లే. మిగతా 80 పొడిలోనే ఉండిపోతుంది. కాఫీ పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టుకుంటుంది. కప్పుకు 40 మిల్లీలీటర్ల డికాషన్, 110 మిల్లీలీటర్ల పాలు పోస్తే మా స్టీలు గ్లాసు నిండుతుంది. అంటే కప్పుకు 10 గ్రాములు, కిలోకు 100 కప్పులు. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే ఇది ఒక్క గ్రాము కూడా వృథా కాని ఇంటి లెక్క.

మధ్యాహ్నం క్యాలెండరు ముందు నిలబడి గీతలన్నీ మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండు రోజుల్లో ఒక రోజు గడి ఖాళీగా ఉంది. వెంటనే గుర్తొచ్చింది, అది డికాషన్ దిగని రోజు. ఆ ఉదయం ఏదో తొందరలో, పొడి మీద పెట్టే కాడ ఉన్న బిళ్ళను గట్టిగా నొక్కాను. ఇరవై నిమిషాల తర్వాత కింది గిన్నె తీసి చూస్తే అడుగున నాలుగు చుక్కలు ఉన్నాయి. పై గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే నిలబడి ఉన్నాయి. ఆగలేక చెంచా పెట్టి కలిపాను. మెత్తటి పొడి అంతా చిల్లుల గుండా దిగిపోయి, డికాషన్ బురద నీళ్లలా తయారైంది. నాలుక మీద వేసుకుంటే ఒగరు, చేదు, ఇసుక తగిలినట్టు గరుకు. మొత్తం పారబోశాను. ఆ పూట పాలన్నీ పెరుగుకు వెళ్లాయి. నాలుగు కప్పుల పొడి, అంటే 32 రూపాయలు, ఒక్క చెంచా తిప్పుడుతో పోయింది.

అప్పుడు చేయవలసింది కలపడం కాదు. పై గిన్నెను కాస్త పైకి లేపి మళ్లీ పెడితే చాలు. రెండు గిన్నెలూ బిగుతుగా అతుక్కున్నప్పుడు కింద గాలి బయటికి పోలేక నీటిని దిగనివ్వదు. అలా లేపినా దిగకపోతే చిల్లులు పూడుకున్నాయని అర్థం. ఖాళీ గిన్నెను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఎక్కడెక్కడ మూసుకుపోయాయో కనిపిస్తుంది. ఈ రోజు అలా చూశాను. ఒక పక్క దాదాపు మూడో వంతు చిల్లుల్లోంచి వెలుగు రాలేదు. ఆ గిన్నెను చిన్న మంట మీద కాసేపు చూపించి, చల్లారాక పాత పళ్ల బ్రష్షుతో రుద్దాను. నల్లగా మాడిన పొడి రాలిపోయి, చిల్లులన్నీ చుక్కల ముగ్గులా తేలాయి.

అలా నాలుగు కప్పుల ఆచూకీ దొరికింది. మిగతా రెండూ చెంచాలో దొరికాయి. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులు మా వారే డికాషన్ వేశారు. సాయంత్రం కొత్త పొట్లం విప్పి, ఆయనను పిలిచి, మీరు ఆ మూడు రోజులూ వేసినట్టే నాలుగు చెంచాలు వేయండి అని తూకం మీద గిన్నె పెట్టాను. 47 గ్రాములు! నేను వేస్తే 40. చెంచా అదే, చెంచాలూ నాలుగే, తేడా అంతా చెంచా మీద లేచే పొడి గోపురంలో ఉంది. మూడు రోజులకు ఏడేసి గ్రాములంటే 21, అంటే రెండు కప్పులు. ఆ మూడు రోజులూ కాఫీ బాగుందని నేనే మెచ్చుకున్నాను కూడా. లెక్క అతికినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక ధర. మేం కొనేది 80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ ఉన్న పొడి. ఈసారి అర కిలో 400 రూపాయలు. యాభై కప్పులు వచ్చి ఉంటే కప్పుకు 8 రూపాయలు. వచ్చినవి 44 కాబట్టి 9 రూపాయల 9 పైసలు.

పాలు అర లీటరు 35 రూపాయలు. ఇక్కడా చిన్న మెలిక ఉంది. కాచి చల్లార్చి కొలిస్తే 500 మిల్లీలీటర్లు 470కి దిగాయి. ఆవిరి కొంత, మీగడ కొంత. అందువల్ల కప్పులో పడే 110 మిల్లీలీటర్ల కోసం పచ్చి పాలు 117 కావాలి. అది 8 రూపాయల 19 పైసలు. రెండు చెంచాల చక్కెర, 10 గ్రాములు, కిలో 48 చొప్పున అర్ధ రూపాయి కూడా కాదు, 48 పైసలు.

గ్యాసును ఎవరూ సరిగ్గా కొలవరు, ఎందుకంటే ఇంత చిన్న వాడకం సిలిండరు బరువులో తెలియదు. నేను గడియారం చూశాను. చిన్న బర్నరు మీద నీళ్లకు రెండు నిమిషాలు, పాలు పొంగడానికి ఐదు, సాయంత్రం మళ్లీ వేడి చేయడానికి రెండు, మొత్తం తొమ్మిది. చిన్న బర్నరు పూర్తి మంట మీద గంటకు సుమారు 130 గ్రాముల గ్యాసు తాగుతుంది. అంటే రోజుకు 20 గ్రాముల లోపే. 14.2 కిలోల సిలిండరు మాకు 900 పడింది. ఆ లెక్కన కప్పుకు 31 పైసలు. పొంగే దాకా పెద్ద మంట పెట్టి, తర్వాత మరిచిపోతే ఇది రెట్టింపు కావచ్చు. అయినా రూపాయి దాటదు.

మొత్తం 18 రూపాయల 7 పైసలు. అందులో 17 రూపాయలకు పైగా పొడి, పాలే. మా ఇంట్లో చక్కెర ధర పెరిగిందని జరిగినంత చర్చ పొడి గురించి ఎన్నడూ జరగలేదు. కిలో చక్కెర ఐదు రూపాయలు పెరిగితే కప్పు మీద పడేది ఐదు పైసలు. కిలో పొడి వంద పెరిగితే రూపాయికి పైగా. అసలు ధర ఏమీ పెరగకుండానే, మూసుకుపోయిన చిల్లులూ గోపురం చెంచా కలిసి ఈ పన్నెండు రోజుల్లో కప్పుకు రూపాయి 9 పైసలు పెంచేశాయి. పొడి కిలోకు వంద పెరగడం, ఇదీ దాదాపు ఒకటే.

చికోరీ ఎక్కువున్న పొడి చౌక కదా, అది తెస్తే సరిపోతుంది కదా అన్నారు మా వారు. 60, 40 పాళ్ల పొడి అదే దుకాణంలో కిలో 680. చికోరీ కాఫీ గింజ కంటే చాలా ఎక్కువగా నీటిలో కరుగుతుంది, కాబట్టి డికాషన్ నల్లగా, చిక్కగా కనిపిస్తుంది. చూసి మోసపోకూడదు. కాఫీ వాసన ఇచ్చేది గింజే. 800 రూపాయల కిలోలో గింజ పొడి 800 గ్రాములు, గ్రాముకు రూపాయి. 680 రూపాయల కిలోలో 600 గ్రాములు, గ్రాముకు రూపాయి 13 పైసలు. ఇదివరకు ఒకసారి అది తెచ్చినప్పుడు, వాసన చాలడం లేదని రోజూ ఒక చెంచా ఎక్కువ వేస్తూ పోయాం. నాలుగు చెంచాల చోట ఐదు పడితే ఇంకేం మిగులుతుంది? చికోరీ రుచి కోరుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు అది నిజంగానే చౌక. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన ఉంది. పాళ్లు పొట్లం మీద ముద్రిస్తారు. ధర చూసే ముందు ఆ అంకె చూడాలి.

సాయంత్రం ఫిల్టరు విప్పి, తడి పొడిని పారేయబోతూ ఆగాను. దీనిలో 80 మిల్లీలీటర్లు ఉండిపోయిందని ఉదయం నుంచి రాస్తున్నాను కదా, అది ఉత్త నీరు కాదు, డికాషనే. మా అమ్మ రెండో డికాషన్ తీసేది, కానీ చాలా నీళ్లు పోసేది. అది పలచగా, చేదుగా ఉండేది. దాన్ని పాలలో కలిపితే ఎనిమిది రూపాయల పాలు పాడు చేసుకున్నట్టే. నేను 40 మిల్లీలీటర్ల వేడి నీళ్లే, పొడి అంతా తడిసేలా చుట్టూ తిప్పుతూ పోశాను. పది నిమిషాల్లో దాదాపు అంతే దిగింది. కొత్త నీళ్లు పైనుంచి తోస్తే, లోపల చిక్కుకున్న డికాషన్ కిందికి జారిందన్నమాట. విడిగా రుచి చూస్తే మొదటిదంత చిక్కన లేదు. మొదటి డికాషన్ మిగిలిన చెంచాడులో కలిపి చూస్తే మాత్రం తేడా పట్టుకోవడం కష్టమైంది.

మాకు ఐదో కప్పు అక్కరలేదు. అందుకే ఆ లాభాన్ని పొడిలో తగ్గించుకోవాలి. 32 గ్రాముల పొడి, 190 మిల్లీలీటర్ల నీళ్లు, దిగాక చివర్లో 35 పోసి తోయడం. నాలుగు కప్పులకు సరిపడే 160 వస్తుంది. పొడి ఖర్చు కప్పుకు 6 రూపాయల 40 పైసలకు దిగుతుంది. ఒక్కటే చిక్కు. మా ఫిల్టరు వెడల్పు. అందులో 32 గ్రాములు పలచటి పొరలా పరుచుకుంటే నీళ్లు ఆగకుండా జారిపోయి, డికాషన్ ఎర్రనీళ్లలా వస్తుంది. పొర మందంగా ఉండాలంటే గిన్నె సన్నగా ఉండాలి.

అత్తయ్య వాడిన చిన్న ఇత్తడి ఫిల్టరు అటక మీద ఉందని గుర్తొచ్చి, మా వారితో దింపించాను. చింతపండుతో తోమి, చిల్లులు వెలుగుకు పెట్టి చూశాను, అన్నీ తెరిచే ఉన్నాయి. కొత్త పొట్లంలోంచి 32 గ్రాములు తూచి వేసి, బిళ్ళను నొక్కకుండా ఊరికే పైన ఆనించి మూత పెట్టాను. పొడి గిన్నెలో వేలు వెడల్పుకు పైగానే నిలిచింది. నీళ్లు రేపు పొద్దున్నే పోస్తాను.