ఎమ్మెస్సీ నర్సింగ్ సీటు కోసం రిజైన్ చేసేటప్పుడు: లెటర్‌లో తేదీలే ముఖ్యం

ఎంట్రన్స్‌కి నెలల తరబడి చదివి, ఆసుపత్రికి ఇచ్చే రిజిగ్నేషన్ లెటర్ మాత్రం ఐదు నిమిషాల్లో రాసేస్తారు చాలామంది. ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తూ ఎమ్మెస్సీకి వెళ్లేవాళ్లు ఈ లెటర్ మీద ఒక పూట కూర్చోవాలి. ఎమ్మెస్సీ అర్హతకు బీఎస్సీ నర్సింగ్ తర్వాత కనీసం ఏడాది అనుభవం అడుగుతారు. దాన్ని చూపించేది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. అందులో ‘ఎప్పటి నుంచి ఎప్పటి వరకు’ అన్న చోట రెండో తేదీ మీ లెటర్‌ని బట్టే పడుతుంది.

అందుకే ముందు తెరవాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్. నోటీస్ 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా? బాండ్ ఉందా? నోటీస్ పూర్తి చేయకపోతే కట్టాల్సింది బేసిక్ మీదా, గ్రాస్ మీదా? ఈ మూడూ చూశాకే తేదీ వేయండి.

ఒక లెక్క చూద్దాం. నోటీస్ 60 రోజులు, లెటర్ అందిన తేదీ ఏప్రిల్ 10 అనుకోండి. మర్నాటి నుంచి లెక్కిస్తే ఏప్రిల్‌లో 20 రోజులు, మేలో 31, జూన్‌లో 9. అంటే చివరి డ్యూటీ జూన్ 9. లెక్క మొదలయ్యేది లెటర్ మీద వేసిన తేదీ నుంచి కాదు, ఆఫీసులో అందిన తేదీ నుంచి. వార్డు ఇన్‌చార్జి టేబుల్ మీద వారం పడి ఉంటే ఆ వారం పోయినట్టే. కాబట్టి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి, జిరాక్స్ కాపీ మీద సంతకం, తేదీ, స్టాంప్ వేయించుకోండి. అదే రోజు హెచ్ఆర్‌కి మెయిల్ కూడా పెట్టండి. నోటీస్‌లో సెలవులు పెడితే చాలా ఆసుపత్రులు అన్ని రోజులూ ముందుకు జరుపుతాయి. మూడు రోజులు పెట్టారంటే జూన్ 9 కాస్తా 12 అవుతుంది.

లెటర్ ఇంత చాలు:

“నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి, వార్డు ఇన్‌చార్జి ద్వారా. విషయం: ఉన్నత చదువు కోసం రాజీనామా. నేను ఎంప్లాయి నంబర్ ఫలానా, ఐసీయూలో ఫలానా తేదీ నుంచి స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్ చదవడానికి రాజీనామా చేస్తున్నాను. 60 రోజుల నోటీస్ ప్రకారం నా చివరి పని దినం జూన్ 9. ఆ రోజుకు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పించగలరు. మీ దగ్గర ఉన్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తిరిగి ఇప్పించగలరు.”

చివరి వాక్యం ఒరిజినల్స్ ఇచ్చినవాళ్లకే. రోస్టర్ గొడవలు, జీతం తక్కువ అన్న మాటలు ఇందులో వద్దు. ఇంకోటి, ‘సొంత కారణాల వల్ల’ అని రాయకండి. రేపు నోటీస్ తగ్గించమని అడగాలంటే మీ చేతిలో ఉండేది చదువు అన్న కారణమే. ‘సీటు వస్తే రాజీనామా’ అని రాసినా తీసుకోరు. షరతు పెడితే వాళ్లు ఎప్పటికి రిలీవ్ చేయాలి?

అసలు చిక్కు ఇక్కడే. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక కాలేజీలో చేరడానికి ఇచ్చేది కొద్ది రోజులే, 60 రోజుల నోటీస్ అందులో ఇమడదు. ముందే ఇస్తే సీటు రాకపోతే ఉద్యోగం పోతుంది. ర్యాంకు చూసి, గత కౌన్సెలింగ్‌లో ఆ ర్యాంకుకి సీటు ఖాయంగా వచ్చి ఉంటేనే ముందు ఇవ్వడం మంచిది. సందేహం ఉంటే అలాట్‌మెంట్ వచ్చాకే ఇచ్చి, ఆ కాపీ జతచేసి, మిగిలిన నోటీస్ రోజులకు డబ్బు కడతానని లెటర్‌లోనే రాయండి. 25 రోజులు తక్కువయ్యాయి, బేసిక్ 15,000, గ్రాస్ 24,000 అనుకుందాం. నెలను 30 రోజులుగా తీసుకుంటే బేసిక్ మీద రోజుకు 500 చొప్పున 12,500. గ్రాస్ మీద రోజుకు 800 చొప్పున 20,000. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ ఒక్క మాట చూడమన్నది ఇందుకే.

చెప్పకుండా డ్యూటీ మానేస్తే అబ్‌స్కాండింగ్ అని రాస్తారు. ఆ తర్వాత సర్టిఫికెట్ కోసం తిరగడమే పని.

చివరి వారంలో నో డ్యూస్ ఫారం మీద ఫార్మసీ, స్టోర్స్, హాస్టల్, అకౌంట్స్ సంతకాలు పడాలి. ఐసీయూలో అయితే నార్కోటిక్ రిజిస్టర్, క్రాష్ కార్ట్ లెక్క మరొకరికి అప్పగించి, రిజిస్టర్‌లో వాళ్ల సంతకం తీసుకోండి. ఆంప్యూల్ ఒకటి తేలకపోయినా ఫారం ఆగిపోతుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే హెచ్ఆర్ గదిలోనే చదవండి. పేరు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉందా, చేరిన తేదీ సరిగా ఉందా, ‘ట్రైనీ’ అని కాకుండా ‘స్టాఫ్ నర్స్’ అని ఉందా చూసుకోండి. మొదటి నెలలు ట్రైనీగా చూపించారంటే, ఏడాది నిండిందనుకున్నది తొమ్మిది నెలలుగా తేలవచ్చు. అదే గదిలో అడిగితే కొత్త ప్రింట్ పది నిమిషాల పని.