రిపోర్టు నార్మల్, నరం మాత్రం 14

కర్నూలులో ఓ న్యూరాలజీ క్లినిక్‌లో నరాల్లో సిగ్నల్ వేగాన్ని కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్షలు చేయడం నా పని. ఎమ్మిగనూరు నేతగాళ్లు, టైలర్లు, పొద్దున్నే జొన్నరొట్టెలు తట్టే హోటల్ ఆడవాళ్లు తిమ్మిరెక్కిన చేతులతో వస్తుంటారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో అదే జబ్బు నా కుడిచేతికి వచ్చింది: మణికట్టులోని ఇరుకు సొరంగంలో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. మొదటి పరీక్షలో అంతా నార్మల్ అని తేలింది. అల్ట్రాసౌండ్‌లో నరం వాచి కనిపించింది. రెండూ సరైనవే. అదెలా సాధ్యమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

లక్షణాల్లో అనుమానానికి చోటే లేదు. అర్ధరాత్రి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి మెలకువ వచ్చేది, చెయ్యి విదిలిస్తే తగ్గేది. ఉంగరపు వేలిలో సగమే తిమ్మిరి. మధ్యవేలి వైపు దూది తాకితే స్పర్శ మందంగా ఉండేది, చిటికెనవేలి వైపు బాగా తెలిసేది. ఈ ఒక్క గుర్తు చాలా విలువైనది. ఆ వేలికి ఓ పక్క ఈ జబ్బులో నొక్కుకుపోయే మీడియన్ నరం, మరో పక్క అల్నార్ నరం వస్తాయి. మెడ దగ్గర నరం నొక్కుకుపోతే వేలు ఇలా నిలువునా చీలినట్టు ఉండదు. బొటనవేలి కింద అరచేతి కండ మీద చర్మానికి మాత్రం స్పర్శ చక్కగా ఉంది. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ సొరంగంలోకి దిగకుండా పైనుంచే పోతుంది కాబట్టి అది తప్పించుకుంటుంది.

సొరంగం అంటున్నది మణికట్టు ఎముకలకూ, వాటి మీద అడ్డంగా పరుచుకున్న గట్టి లిగమెంటుకూ మధ్య ఉన్న ఇరుకు దారి. అందులో వేళ్లను ముడిచే తాళ్లలాంటి 9 స్నాయువులతో పాటు మీడియన్ నరమూ వెళ్లాలి. స్నాయువుల పొర ఉబ్బినా, మణికట్టు ఎటు వంగినా లోపల ఒత్తిడి పెరుగుతుంది, అన్నిటికంటే మెత్తనిది నరమే కాబట్టి దెబ్బ దానికే తగులుతుంది. షుగరు, థైరాయిడ్ చూపించుకున్నాను. రెండూ బాగానే ఉన్నాయి.

వేరే ల్యాబ్‌లో చేయించుకున్న మొదటి కండక్షన్ పరీక్షలో మామూలుగా చేసే రెండే ఉన్నాయి. బొటనవేలి కండ మీద ఎలక్ట్రోడు పెట్టి, దానికి 7 సెంటీమీటర్ల పైన మణికట్టు దగ్గర కరెంటిస్తే కండ స్పందించడానికి 4.1 మిల్లీసెకన్లు పట్టింది. 4.4 వరకు నార్మల్. చూపుడువేలికి 13 సెంటీమీటర్ల దూరంలో స్పర్శ నరానికి 3.4 మిల్లీసెకన్లు పట్టింది. అక్కడ హద్దు 3.5. రెండూ గీతకు ఇవతలే ఉన్నాయి కాబట్టి 'నార్మల్' అని రాశారు. ఆ ల్యాబ్ హద్దుల ప్రకారం అది తప్పు కాదు.

చిక్కు ఆ హద్దుల్లోనే ఉంది. అవి వందలమంది ఆరోగ్యవంతుల కొలతల నుంచి తీసినవి. ఎవరి నరమైనా పుట్టుకతో కాస్త వేగంగా ఉంటే, అది కొంత దెబ్బతిన్నా ఆ గీత దాటకపోవచ్చు. రెండో కారణం దూరం. సొరంగంలో ఇరుకు రెండు మూడు సెంటీమీటర్లే. 13 సెంటీమీటర్ల దారిలో కొలిస్తే, ఆ కాస్త చోట జరిగిన ఆలస్యం మిగతా బాగున్న నరంలో కలిసిపోయి పలచబడుతుంది.

అందుకని మా క్లినిక్‌లో నా సహోద్యోగి అల్నార్‌తో పోల్చే పరీక్షలు చేశాడు. ఉంగరపు వేలికే రింగు ఎలక్ట్రోడు తొడిగి, సమాన దూరంలో ముందు మీడియన్‌కు, తర్వాత అల్నార్‌కు కరెంటిచ్చాడు. మీడియన్ 3.5, అల్నార్ 2.8, తేడా 0.7 మిల్లీసెకను. తేడా అర మిల్లీసెకనుకు చేరితేనే మేం జబ్బు లెక్కలో వేస్తాం. తర్వాత అరచేతిలో కరెంటిచ్చి 8 సెంటీమీటర్ల దూరంలో మణికట్టు దగ్గర అందుకుంటే మీడియన్ 2.3, అల్నార్ 1.8. ఇక్కడ 0.4 తేడా వస్తేనే అనుమానించాలి, నాకు 0.5 వచ్చింది. ఈ పద్ధతిలో నా చేతిని ఊరందరి సగటుతో పోల్చడం లేదు, నా చేతిలోనే ఉన్న పక్క నరంతో పోలుస్తున్నాం. అరచేతి పరీక్షలో దూరం తక్కువ కాబట్టి ఇరుకు భాగానికి వాటా కూడా ఎక్కువ.

చెయ్యి చల్లబడితే వచ్చే గొడవ కూడా పోల్చి చూస్తే చాలావరకు తీరుతుంది. కర్నూలు ఎండలో వచ్చినవాళ్లు మా ఏసీ గదిలో అరగంట కూర్చుంటే వేళ్లు 32 డిగ్రీల కిందికి పడిపోతాయి. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.2 మిల్లీసెకను ఆలస్యం పెరుగుతుంది. చర్మం ఉష్ణోగ్రత చూడకుండా రాసిన రిపోర్టులో లేని జబ్బు పుడుతుంది. చల్లదనం రెండు నరాలనూ నెమ్మదింపజేస్తుంది కానీ, వాటి మధ్య తేడాను పెద్దగా మార్చదు. అయినా మేం చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, తుడిచి, మళ్లీ కొలిచాకే లెక్క రాస్తాం.

అల్ట్రాసౌండ్ ఈ రెండు పరీక్షల మధ్యలో జరిగింది. రేడియాలజీ డాక్టరు గారు లీనియర్ ప్రోబును మణికట్టు మడత దగ్గర అడ్డంగా పెట్టి, చిటికెనవేలి వైపు చేతికి తగిలే చిన్న గుండ్రటి ఎముక, పైసిఫామ్, ఒకే చిత్రంలో కనిపించేదాకా జరిపారు. నరం కొలవాల్సింది అక్కడే, అంటే సొరంగం నోటి దగ్గర. లోపల నొక్కుకుపోయిన చోట నరం చపాతీలా పలచబడి ఉంటుంది. ఆ ఇరుకుకు పైన ద్రవం, నరంలోంచి పారే పదార్థం, సిరల రక్తం ముందుకు కదలక నిలిచిపోయి నరం ఉబ్బుతుంది. వాపు ఇరుకులో కాదు, ఇరుకు మొదట్లో ఉంటుంది. లోపలికి వెళ్లి కొలిచేవాళ్లకు వాపు దొరకదు.

నరాన్ని స్నాయువుల నుంచి వేరుగా గుర్తించడానికి ఆయన ప్రోబును కొంచెం వాల్చి చూపించారు. కోణం మారగానే స్నాయువులు నల్లబడిపోయాయి, నరం మాత్రం అలాగే చుక్కలచుక్కలుగా కనిపించింది. తర్వాత నరం చుట్టూ ఉన్న తెల్లటి అంచును వదిలి, దాని లోపలి గీత వెంట తెరమీద చుట్టూ గీసి వైశాల్యం తీశారు. తెల్ల అంచును కలిపితే రెండు మూడు చదరపు మిల్లీమీటర్లు ఊరికే పెరుగుతాయి. ప్రోబు నిటారుగా లేకపోయినా అంతే. వాలుగా కోసిన చోట కోత పెద్దదవుతుంది. ప్రోబుతో అదిమితే నరం ఆకారం మారిపోతుంది. అందుకే జెల్ దండిగా వేసి, బరువు మోపకుండా పట్టుకున్నారు.

మణికట్టు దగ్గర 14 చదరపు మిల్లీమీటర్లు వచ్చింది. హద్దు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా ఉంటుంది. 9, 10 దాటితే అనుమానించేవాళ్లున్నారు, 12 దాకా ఆగేవాళ్లున్నారు. అందుకని ఆయన మణికట్టుకు 12 సెంటీమీటర్ల పైన, ముంజేతిలో, అదే నరాన్ని మళ్లీ కొలిచారు. అక్కడ 7. అంటే మణికట్టులో నరం రెండింతలుంది. ఈ నిష్పత్తి 1.4 దాటితే లెక్కలోకి వస్తుంది. పెద్ద చేతులవాళ్లకు నరమూ పెద్దదే, వాళ్ల ముంజేతితోనే పోలిస్తే ఆ చిక్కు చాలావరకు పోతుంది. కొందరికి మీడియన్ నరం మణికట్టులో రెండుగా చీలి ఉంటుంది. అప్పుడు రెండు ముక్కల వైశాల్యాలూ కలపాలి, ఒక్కదాన్నే కొలిస్తే వాచిన నరం కూడా సన్నంగా కనిపిస్తుంది. నాది ఒకే నరం.

ఎడమచేయి కూడా చూశారు, నాకు అందులో ఏ బాధా లేకపోయినా. అక్కడ 11, ముంజేతిలో 7, నిష్పత్తి 1.6. ఉంగరపు వేలి తేడా మాత్రం 0.3, బాగానే ఉంది. చిత్రం ప్రకారం ఎడమచేతికీ జబ్బుంది. నన్నడిగితే లేదు. "ఈ చెయ్యిని వదిలేయండి మేడమ్, బొమ్మకు వైద్యం చేయం కదా" అన్నారు డాక్టరు గారు. నేనూ అదే అంటాను. రెండు చేతుల్లోనూ నరం వాచి, ఒక్కదానికే బాధ ఉండడం ఈ జబ్బులో మామూలే.

రెండు పరీక్షలూ ఇలా వేరువేరు మాటలు చెప్పడానికి కారణం, అవి అడిగే ప్రశ్నలే వేరు. కండక్షన్‌లో కనిపించేది మైలిన్ తొడుగున్న లావు పోగుల వేగం. నొప్పిని మోసే సన్న పోగులు ఆ పరీక్షకు కనబడవు. వాపు మొదలయ్యాక కూడా మైలిన్ కొన్నాళ్లు తట్టుకుంటుంది, ఆ మధ్యకాలంలో అల్ట్రాసౌండే ముందుంటుంది. ముదిరిన జబ్బులో మరో విధంగా పనికొస్తుంది. బొటనవేలి కండ కరిగిపోయి, ఎక్కడ కరెంటిచ్చినా స్పందన రాని చేతులు నెలకు కొన్ని మా బల్ల మీదికొస్తాయి. వాటిలో నరం దెబ్బతిందని మేం చెప్పగలం, ఎక్కడ దెబ్బతిందో చెప్పలేం. ఆలస్యాన్ని కొలవాలంటే ముందు సిగ్నల్ రావాలిగా. అప్పుడు అల్ట్రాసౌండే చోటు చూపిస్తుంది. నరం పక్కనున్న నీటి గడ్డనో, స్నాయువుల వాపునో బయటపెట్టేది కూడా అదే. కానీ ఎన్ని పోగులు చచ్చిపోయాయో 14 అనే అంకె చెప్పదు. పాత జబ్బులో వైశాల్యం అదే ఉన్నా నరం లోపల మచ్చకట్టి ఉండొచ్చు. ఆపరేషన్ తొందరగా కావాలా అన్నది తెరమీద కండ స్పందన అల ఎత్తు, కండలో సూది గుచ్చి దాని విద్యుత్తును చూసే ఈఎంజీ చూసి తేల్చాల్సిన విషయం. షుగరున్నవాళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్ల అల్నార్ కూడా నెమ్మదిగానే ఉంటుంది, నరం ముందు నుంచే కొంచెం లావుగా ఉండొచ్చు, ఏ ఒక్క అంకెనూ నమ్మలేం.

నా కండ స్పందన ఎత్తు నిండుగా ఉంది, కాబట్టి ఆపరేషన్ మాట రాలేదు. రాత్రిపూట మణికట్టు పట్టీ, ఓ ఇంజెక్షన్. దుకాణంలో దొరికే పట్టీలో లోపలి లోహపు పట్టె చేతిని వెనక్కి 20 డిగ్రీలకు పైగా వంచి ఉంటుంది, విరిగిన ఎముకకు అది బాగుంటుందేమో గానీ ఈ జబ్బుకు కాదు. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడే సొరంగంలో ఒత్తిడి తక్కువ. పట్టెను బయటికి లాగి, బల్ల అంచున నొక్కి తిన్నగా చేసి మళ్లీ దూర్చాను. వేళ్ల కణుపులు ముడుచుకునేలా పట్టీ అరచేతి మడత దగ్గరే ఆగాలి, బిగింపు వేలు దూరేంత వదులుగా ఉండాలి.

ఇంజెక్షన్ మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు. అల్ట్రాసౌండ్ చూస్తూ చిటికెనవేలి వైపు నుంచి సూది తోసి, మందు నరం పక్కన పరుచుకునేలా ఇచ్చారు. వేళ్లలోకి కరెంటు కొట్టినట్టయితే వెంటనే చెప్పమన్నారు, అంటే సూది నరాన్ని తాకిందని, వెనక్కి లాగాలని. నాకట్లా కాలేదు. షుగరున్నవాళ్లకు ఈ మందుతో కొన్నాళ్లు షుగరు పెరుగుతుంది. ఇంట్లో రొట్టెలు తట్టే పని తోడికోడలు తీసుకుంది, ఎందుకంటే అరచేతి అడుగుతో అదిమేటప్పుడు మణికట్టు వెనక్కి విరిగినట్టవుతుంది. రాత్రి మెలకువలు రెండు వారాల్లో ఆగిపోయాయి.

మూడు నెలలకు మళ్లీ చూస్తే 14 కాస్తా 11 అయింది. ఉంగరపు వేలి తేడా 0.7 నుంచి 0.5కు, అరచేతిది 0.5 నుంచి 0.4కు వచ్చాయి. అంటే బాధ పోయింది గానీ అంకెలు ఇంకా హద్దు మీదే ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కూడా నరం వాపు తగ్గుతుంది గానీ పూర్తిగా మామూలుకు రాకపోవచ్చు. బాగున్నవాళ్లకు స్కాన్ చూపించి భయపెట్టడంలో అర్థం లేదు. తిమ్మిరి తిరిగొస్తే మాత్రం అదే మిషన్ మీద, వీలైతే అదే మనిషితో, అవే దూరాల్లో చేయించుకుంటాను. గీత గీసే చెయ్యి మారితే ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్లు అటూఇటూ అవుతాయి. అంత చిన్న తేడాను జబ్బు పెరిగిందనడానికీ, తగ్గిందనడానికీ లెక్కలోకి తీసుకోలేం.