నున్నగా కదిలే సినిమా

నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను. తమ్ముడు తెచ్చిన కొత్త టీవీ గొడవే. పెద్ద తెర, చక్కటి రంగులు, నాన్న సంబరం, అన్నీ బాగున్నాయి. భోజనాలయ్యాక అందరం కూర్చుని ఒక పాత నలుపు తెలుపు సినిమా పెట్టుకున్నాం. పది నిమిషాలైనా కాకముందే నాకు ఒళ్లు మండిపోయింది. కథానాయిక మేడమెట్లు దిగి వస్తోంది. ఆ దిగడం ఎంత నున్నగా ఉందంటే, నిన్న మధ్యాహ్నం ఎవరో స్టూడియోలో వీడియో కెమెరా పెట్టి తీసిన సీరియల్ ముక్క అనిపించింది. వెనకున్న గోడ అట్టగోడలా తేలిపోయింది. నగలు గిల్టువని కూడా తెలిసిపోతోంది.

"ఎంత స్పష్టంగా ఉందో చూడమ్మా, మనింట్లో తిరుగుతున్నట్టే ఉన్నారు" అన్నారు నాన్న. నాకు వద్దనిపించింది సరిగ్గా అదే. "నీకు ఏదీ నచ్చదక్కా" అని తమ్ముడు అనేసి ఫోనులో మునిగిపోయాడు. టీవీ బిగించడానికి వచ్చినతను అంగట్లో మెరిపించే Vivid మోడ్‌లోనే వదిలేసి వెళ్లాడట. ఇన్ని వేలు పోసి కొన్నవాడికి, సినిమాను సినిమాలా చూడాలంటే ఏది ఆపాలో ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు.

నా పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మామయ్య టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా ఉన్నప్పుడు సెలవులన్నీ ఆ గదిలోనే గడిచాయి. రీలు తెగితే నలిగిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, మళ్లీ ఎక్కించేవాడు. ఆ కత్తిరించిన ముక్కలు నావి. ఒకసారి చేతికొచ్చింది ఏదో నాట్య సన్నివేశం. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తే నర్తకి ముఖం గీత గీసినంత స్పష్టంగా ఉంది, కుడిచేయి మాత్రం పొగలా చెదిరిపోయి ఉంది. పక్క బొమ్మలో చేయి ఇంకోచోట ఉంది, అక్కడా పొగే. "పాడైపోయింది మామయ్యా" అంటే, "పాడవలేదే, అది అలాగే ఉండాలి, అలా ఉంటేనే తెరమీద చేయి ఆడినట్టుంటుంది" అన్నాడు. అడుగు ఫిల్ములో పదహారు బొమ్మలుంటాయని, సెకనుకు అడుగున్నర నడుస్తుందని కూడా అప్పుడే చెప్పాడు. అంటే సెకనుకు 24 బొమ్మలు. ప్రొజెక్టరులో తిరిగే రెక్క ఒక్కో బొమ్మనూ రెండుసార్లు వెలిగించి మధ్యలో చీకటి చేస్తుంది, లేకపోతే తెర మిణుకుమంటుంది.

ఆ పొగ గురించి తర్వాత చదువుకుని అర్థం చేసుకున్నాను. సినిమా కెమెరా సాధారణంగా ఒక్కో బొమ్మకూ సెకనులో 48వ వంతు సేపు కన్ను తెరుస్తుంది, మిగతా సగం మూస్తుంది. తెరిచి ఉన్నంతసేపు కదిలిన చేయి చెదురుతుంది. మూసినప్పటి కదలిక ఎక్కడా నమోదు కాదు, దాన్ని చూసేవాళ్ల మనసే పూరించుకుంటుంది. కొత్త టీవీ ఆ పూరించే పనిని మన చేతుల్లోంచి లాక్కుంటోంది. దాని తెర సెకనుకు 120 సార్లు మారగలదు. ఉన్న ఒక్కో బొమ్మనే ఐదేసిసార్లు చూపించి ఊరుకుంటే సినిమా సినిమాలాగే ఉంటుంది. అలా కాకుండా రెండు బొమ్మల్ని పోల్చి, చేయి ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది కాబట్టి మధ్యలో ఇక్కడ ఉండి ఉంటుందని లెక్కగట్టి, లేని నాలుగు బొమ్మల్ని తనే తయారు చేస్తుంది. దాన్ని పూర్తిగా పెంచి వదిలితే సెకనుకు మనం చూసే 120లో 96 ఏ ఛాయాగ్రాహకుడూ తీయనివే.

అది సీరియల్‌లా ఎందుకు కనిపిస్తుందంటే, దూరదర్శన్ రోజుల నుంచి స్టూడియో నాటకాలను వీడియో కెమెరాతో సెకనుకు 50 సార్లు కదలికను పట్టి చూపించారు. అదే పెట్టెలో సినిమా వస్తే 25 బొమ్మలే. ఏది నాటకమో, ఏది సినిమానో పేరు చూడకుండానే పోల్చుకోవడం మన కళ్లకు అప్పుడే అలవాటైంది.

టీవీ లెక్క తప్పడం కూడా చూశాను. కథానాయకుడు కిటికీ ఊచల వెనక నడుస్తుంటే అతని భుజం చుట్టూ నీళ్లలాంటి అంచు ఒకటి కూడా నడిచింది, ఊచలు వంగి మళ్లీ నిలబడ్డాయి. మీ టీవీ ఈ పని చేస్తోందో లేదో తెలియాలంటే ఇలాంటి చోటే చూడండి: ఊచలు, కంచె, తిరిగే ఫ్యాను రెక్కలు.

అందరూ పడుకున్నాక రిమోటు పట్టుకున్నాను. చిత్రమేమిటంటే లేని బొమ్మల్ని కల్పించే ఈ పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్జీలో TruMotion, సోనీలో Motionflow, శాంసంగ్‌లో Picture Clarity, ఇంకా చాలావాటిలో MEMC. Picture సెట్టింగుల్లో ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది. తీసేశాను. మెట్లు దిగే సన్నివేశం మళ్లీ పెడితే ఆవిడ మళ్లీ సినిమాలోలాగే మెట్లు దిగింది. ఆ ఊపులో Noise Reduction కూడా ఆపేశాను. అది ఫిల్ము రేణువుల్ని మురికి అనుకుని తుడిచేసి, ముఖాలకు మైనం పూస్తుంది. Sharpness బాగా తగ్గించాను. ఇవన్నీ ఒక్క దెబ్బకు ఆపే Filmmaker Mode చాలా టీవీల్లో ఉంది, 2019లో ప్రకటించారు. పగలు కాస్త చీకటిగా, పసుపుగా అనిపిస్తుంది. నాన్న ఒప్పుకోరు.

ఇక్కడితో ముగించి, అన్నీ ఆపేయండి అని రాద్దామనే కూర్చున్నాను. కానీ పడుకోబోయే ముందు ఒక కొత్త రంగుల సినిమా పెట్టి చూశాను. కెమెరా కొండల మీద నెమ్మదిగా పక్కకు తిరుగుతుంటే కొండలు గతుక్కు గతుక్కుమంటూ కదిలాయి. మామయ్య ప్రొజెక్టరులో బొమ్మకూ బొమ్మకూ మధ్య చీకటి ఉండేది. ఈ తెర చీకటి లేకుండా బొమ్మను పట్టి నిలిపి, చటుక్కున పక్కదానికి దూకుతుంది. తెర వెలుతురు ఎక్కువైన కొద్దీ ఆ దూకడం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని నేను ఆపేసిన ఆ సెట్టింగులోనే కస్టమ్‌లోకి వెళ్లి, సినిమా కదలికను సవరించే Judder Reduction ను పదిలో రెండుకు పెట్టాను. కొండలు కుదుటపడ్డాయి, మనుషులు సీరియల్ మనుషులు కాలేదు. సున్నా తప్ప దేన్నీ ఒప్పుకోనని సాయంత్రం తమ్ముడితో వాదించాను, ఇప్పుడు ఆ మాట మీద లేను.

క్రికెట్ సంగతి వేరు. అక్కడ నిజమైన బొమ్మలే సెకనుకు 50 ఉంటాయి, టీవీ కల్పించవలసింది తక్కువ. నాన్న చూసే మోడ్‌లో, ఇలాంటి వీడియో కదలికను సవరించే Blur Reduction ను సగానికి ఉంచాను. బంతి వెనక తోకలా నీడ కనిపిస్తే అదీ తగ్గించాలి.

ఇంకో చిక్కు మిగిలింది. ఈ సెట్టింగులు ఒక్కో పిక్చర్ మోడ్‌కూ, ఒక్కోసారి ఒక్కో ఇన్‌పుట్‌కూ విడివిడిగా ఉంటాయి. డాల్బీ విజన్‌లో వచ్చే సినిమా మొదలవగానే మోడ్ల జాబితానే మారిపోయి, ఆపిందంతా మళ్లీ మొదటికొచ్చింది. ఆ సినిమా ఆడుతుండగానే మెనూలోకి వెళ్లి మళ్లీ ఆపాలి. సెట్‌టాప్ బాక్సుది ఇంకా చూడలేదు. రేపు తమ్ముడు ఆఫీసుకు వెళ్లాక చూస్తాను, లేకపోతే మళ్లీ వాదన.