అమ్మ గొంతును ఫోను గుర్తుపట్టలేదు

శాఖలో టాబ్లెట్ ముందు కూర్చోబెట్టి మా అమ్మ గొంతును నమోదు చేసిన నెలకే, ఆ బ్యాంకు ఫోను సేవ ఆమెను మూడుసార్లు కాదంది. "నా గొంతు నాది కాదంటే ఎలారా?" అని అమ్మ చాలా బాధపడింది. మాటల రికార్డింగులతోనే నా ఉద్యోగం కాబట్టి కారణం తేల్చాలని కూర్చున్నాను.

అమ్మ చేత ఒక పేరాను లాప్‌టాప్ మైకులో రెండుసార్లు చదివించాను. పిన్ని చేత కూడా చదివించాను. వాళ్లిద్దరి గొంతులు వేరు చేయడంలో ఇంట్లోవాళ్లమే పొరబడతాం. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టే ప్రోగ్రాము ఒక్కో గొంతును అంకెల వరుసగా మార్చి, రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే స్కోరు ఇస్తుంది. స్కోరు గీత దాటితే ఒకే మనిషి అన్నమాట. నేను గీత 0.40 దగ్గర పెట్టాను. అమ్మ రెండు రికార్డింగులకు 0.71 వచ్చింది, అమ్మకూ పిన్నికీ 0.29. ఇంతవరకూ బాగుంది.

తర్వాత రెండో రికార్డింగును పాత ఫోను కాల్ వెళ్లే దారిలో పంపాను:

```
ffmpeg -i amma2.wav -ar 8000 -ac 1 -c:a libopencore_amrnb -b:a 4.75k amma2.amr
```

అమ్మ స్కోరు 0.38కి పడిపోయింది.

సెకనుకు 8000 నమూనాలే తీసుకుంటే 4000 హెర్ట్జ్ పైనున్న ధ్వని మిగలదు. 'స'కారం బలమంతా ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఫోనులో 'స', 'ఫ' ఒకేలా వినిపించడం అందుకే. దానికన్నా పెద్ద నష్టం, మాటను కుదించి పంపే కోడెక్‌లో జరుగుతుంది. సిగ్నల్ బలహీనమైనప్పుడు వాడే ఈ 4.75 కిలోబిట్ల అతి తక్కువ రేటులో ప్రతి 20 మిల్లీసెకన్ల మాటకు దక్కేది 95 బిట్లే. కోడెక్ నోటి ఆకృతిని ఉజ్జాయింపుగా రాసుకుని, స్వరతంత్రుల కదలికకు బదులు దానికి దగ్గరగా ఉండే మూసను ముందే ఉన్న పట్టికలోంచి ఎంచుకుంటుంది. మాట అర్థం కావడానికి అది చాలు. మనిషిని మనిషి నుంచి వేరుచేసే సన్నని తేడాలు మాత్రం అక్కడే చెరిగిపోతాయి.

అయితే నమోదు కూడా కోడెక్ గుండానే చేస్తే? అమ్మకు 0.58 వచ్చింది. కానీ పిన్నికి 0.43! రెండు గొంతుల మీదా ఒకే కోడెక్ ముద్ర పడటంతో అవి దగ్గరైపోయాయి. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. గీతను 0.50కి జరిపితే పిన్ని ఆగిపోయింది, కానీ నాలుగైదు సెకన్ల చిన్న ముక్కల్లో అమ్మ కూడా ఆగిపోతూ వచ్చింది.

ఇదంతా రాసి పంపితే, బ్యాంకు వాళ్లు అమ్మ ఫోను నుంచే మళ్లీ నమోదు చేశారు. ఇంట్లో 4జీ కాల్‌లో పనిచేసింది. పొలం దగ్గర కాల్ 2జీకి మారగానే మళ్లీ కాదంది. అప్పుడు గొంతు తనిఖీని తీసేయించి పిన్ పెట్టించాను. ఆ మార్పుకు శాఖలో సంతకం చేయడానికి అమ్మ మరోసారి బస్సెక్కాల్సి వచ్చింది.