శ్లాబా, రేకులా? మా కారు షెడ్డు పెంచిన కథ

నిన్న సాయంత్రం రెండో కారు కూడా లోపల పెట్టి గేటు మూశాను. నాలుగు నెలలు పట్టిన పని. అందులో అసలు కట్టడం మూడు వారాలే, మిగతాదంతా నా మొండితనం.

మాది కంకిపాడు దగ్గర. ఇంటి పక్కన ఒక కారు పట్టే పాత షెడ్డు ఉంది. దాన్ని తీసేసి రెండు కార్లకు 20 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు చేయాలనుకున్నాను. నడుమ స్తంభం ఉండకూడదు, ఉంటే తలుపు తగులుతుంది. శ్లాబే వేయాలని నా పంతం. రేపు పైన గది వేసుకోవచ్చు, పైగా రేకుల షెడ్డంటే మా బావమరిది నవ్వుతాడు.

మేస్త్రీ కూడా శ్లాబే అన్నాడు. "ఇంటి పాత గోడ ఉందిగదండీ, చెక్కి రాడ్లు గుచ్చేస్తే ఆ వైపు స్తంభాల ఖర్చు మిగులుద్ది" అన్నాడు. ఆ మాట నాకు అమృతంలా వినిపించింది. డబ్బు మిగులుతుందని చెప్పేవాడి మాట ఎవరికి చేదు?

ఎందుకైనా మంచిదని ఇంజినీరును పిలిచాను. ఆయన గోడ చూసి, "దీని పునాది ఎంత లోతు?" అన్నారు. నాన్న దగ్గరుండి కట్టించిన ఇల్లు, పైగా బావమరిది పక్కనే ఉన్నాడు. "ఐదడుగులకు తక్కువుండదు" అన్నాను గర్వంగా. ఆయన మాట్లాడకుండా కూలీ చేత గోడ పక్కన చిన్న గొయ్యి తీయించారు. రెండున్నర అడుగులకే ఇటుక అయిపోయింది. కింద అంతా నల్లరేగడి. "ఆ మిగతా రెండున్నర అడుగులు ఎక్కడున్నాయండీ?" అని అడిగారు. కూలీ ముందు నవ్వాడు, తరవాత మా బావమరిది. మేస్త్రీ మాత్రం ఆకాశం చూస్తున్నాడు.

తరవాత ఆయన చెప్పింది నన్ను కుదిపేసింది. ఐదంగుళాల శ్లాబు ఆ 440 చదరపు అడుగులకు ఒక్కటే 12 టన్నులు దాటుతుంది, బీములు వేరే. అందులో సగం ఈ గోడ మీద పడుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కొత్త వైపు లోతైన ఫుటింగ్, అంటే స్తంభం అడుగున వేసే కాంక్రీటు దిమ్మ మీద కదలకుండా ఉంటే, పాత గోడ మాత్రం ఏటా లేచి దిగుతుంది. ముందు అతుకు దగ్గర గీతలా బీట, తరవాత వాననీరు, ఆపైన రాడ్లకు తుప్పు. కాబట్టి ఏ కప్పయినా పాత గోడను తాకకుండా సొంత స్తంభాల మీదే నిలవాలి.

అప్పుడు శ్లాబు లెక్క మారిపోయింది. 20 అడుగులు ఒకే దూకుడులో దాటాలంటే అడుగున్నర పైన లోతున్న బీములు కావాలి, తల ఎత్తు అంత తగ్గుతుంది. ఆ పొడవు బీము కింద ఊతంగా పెట్టిన పోట్లు 21 రోజులు తీయకూడదని కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. నాకు వచ్చిన అంచనా 4.6 లక్షలు. అదే ట్రస్సులనే ఇనుప చట్రాల మీద రేకుల కప్పయితే, ఫుటింగ్‌లతో కలిపి 2.7 లక్షలు. దానికే ఒప్పుకున్నాను. నాలుగు ట్రస్సులు వెల్డింగ్ షాపులో వారంలో తయారయ్యాయి, రెండు రోజుల్లో ఎక్కించారు.

రేకులంటే తేలిక కాబట్టి చిన్న గుంటలు చాలనుకున్నాను. అక్కడా తప్పే. శ్లాబు కిందికి నొక్కుతుంది, రేకుల కప్పును గాలి పైకి లాగుతుంది. విజయవాడ ప్రాంతానికి కోడ్ ప్రకారం గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు స్థూలంగా 150 కిలోల బలం. మన కప్పు బరువేమో చదరపు మీటరుకు ఇరవై కిలోలు. ఎనిమిది స్తంభాలకు పంచితే ఒక్కోదాన్ని అరటన్నుకు పైగా పైకి పీకుతుంది. అందుకే మూడడుగుల చదరపు ఫుటింగ్, దాని మీద నాలుగడుగుల లోతు దాకా మట్టి. ఆ బరువే పట్టి ఉంచాలి. ప్రతి స్తంభం అడుగునా ఇనుప బేస్ ప్లేటు, దాన్ని ఫుటింగ్‌కు బిగించే నాలుగేసి బోల్టులు.

వెల్డింగ్ కుర్రాడు రెండు చోట్ల బోల్టులు ఎగ్గొట్టి ప్లేటును కాంక్రీటులోని రాడ్లకే అతికించాడు. పెయింటు వేసే ముందు నేనే వంగి చూసి పట్టుకున్నాను, ఈ ఒక్కటి మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. ఎవరైనా కడితే పెయింటుకు ముందు ప్రతి ప్లేటూ వంగి చూడండి, తరవాత ఏమీ కనబడదు.

వాలు ఇంటికి అవతలి వైపు ఇచ్చాం. ఇంటి వైపు గోడకూ రేకుకూ మధ్య సందును వంచిన రేకుతో మూసి, గోడలో గాడి తీసి దూర్చాం. మధ్యాహ్నం లోపల వేడి భరించలేం, అది నిజం. పైన గది కల కూడా పోయింది. బావమరిది వచ్చి రేకు మీద వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. "ఇంతేనా?" అన్నాడు. వచ్చే వానాకాలంలో వాళ్ల పోర్టికో అతుకు దగ్గర బీట ఎంత పెరిగిందో చూడ్డానికి నేనూ వెళ్తాను.