రెండు కిలోల తేడా చెప్పిన సంగతి

మేం బిస్కెట్లు చేసి షాపులకు వేస్తాం. పాలపొడి సప్లయర్ ఒకరోజు ఫోన్ చేసి, ఒక లాట్‌లో జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా బయటపడిందని, దాంతో చేసిన సరుకు వెనక్కి తెప్పించమని చెప్పారు. ఆ లాట్‌లో మాకొచ్చినవి 25 కిలోల బస్తాలు రెండు.

సరుకు దిగినప్పుడే బస్తా మీది లాట్ నంబర్ రిజిస్టర్లో ఎక్కిస్తాం. పిండి కలిపిన ప్రతిసారీ ఏ పదార్థం, ఏ లాట్, ఎన్ని కిలోలు అన్నది బ్యాచ్ షీట్‌లో రాస్తాం. ప్యాకెట్ మీద 25114A లాంటి కోడ్ పడుతుంది: 2025లో 114వ రోజు, మొదటి బ్యాచ్ అని. కాబట్టి షీట్లు తిరగేస్తే ఆ లాట్ వాడిన 12 బ్యాచ్‌లు వెంటనే దొరికాయి.

ఇక ఫోన్లు మొదలుపెడదామా అనుకుంటూనే, ముందు లెక్క కట్టి చూశాను. బ్యాచ్‌కి 4 కిలోల చొప్పున 48 కిలోలు. వచ్చింది 50. డ్రమ్ములో ఆ లాట్ పొడి ఏమీ లేదు. జల్లెడ పట్టేటప్పుడు పోయేది మా దగ్గర పావు కిలో కూడా ఉండదు. మరి ఆ రెండు కిలోలు ఎక్కడికి పోయినట్టు?

పదమూడో బ్యాచ్ షీట్ తీశాను. అందులో కొత్త లాట్ నంబరే ఉంది. పిండి కలిపే అతన్ని అడిగితే, "డ్రమ్ము అడుగున రెండు కిలోలు మిగిలాయండీ, మిగతా రెండూ కొత్త బస్తాలోంచి తీశా. షీట్‌లో నంబర్ రాయడానికి ఒక్క గడే ఉంది కదా" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ బ్యాచ్ కూడా లిస్టులో చేరింది.

ఇంకోటి రివర్క్. విరిగిన బిస్కెట్లను పొడి చేసి చాక్లెట్ రకంలో కలుపుతాం. ఆ రకం తయారీలో విడిగా పాలపొడి వేయం కాబట్టి, పాలపొడి లాట్‌తో వెతికితే అది ఎప్పటికీ కనపడదు. అదృష్టవశాత్తూ ఆ పొడి డబ్బాకు పాత బ్యాచ్ కోడే అంటించే అలవాటుంది. దాన్ని పట్టుకుని ఒక చాక్లెట్ బ్యాచ్‌నీ పట్టగలిగాం. మొత్తం 14 అయ్యాయి.

డిస్పాచ్ రిజిస్టర్లో ఏ షాపుకి ఏ కోడ్ అట్టపెట్టెలు వెళ్లాయో రాసి ఉండటంతో అందరికీ అదే రోజు ఫోన్లు చేశాం. తయారైన ప్యాకెట్ల సంఖ్య, పంపినవి, గోడౌన్లో ఉన్నవి, శాంపిల్‌కి తీసినవి బ్యాచ్‌వారీగా సరిపోయేదాకా లిస్టు మూయలేదు. షాపుల్లో అప్పటికే అమ్ముడైనవి మాత్రం ఎవరింట్లో ఉన్నాయో మా రిజిస్టర్లు చెప్పలేవు. వాటికోసం కోడ్ ఫొటోతో నోటీసు ఇచ్చాం.

ఇప్పుడు షీట్‌లో ప్రతి పదార్థానికీ లాట్ గడులు రెండు, పక్కనే కిలోలు. రివర్క్‌కి వేరే వరుస. డ్రమ్ము ఖాళీ చేసి తుడిచాకే కొత్త బస్తా విప్పుతాం.