కమ్మికి గుచ్చిన బిల్లులు

పదకొండున్నరయింది. నా కిడ్నీల సంగతి ఇంకో డాక్టరుకి చూపించుకోవడానికి గురువారం పొద్దున్నే పినాకిని రైలెక్కి చెన్నై పోవాలి, రేపంతా సర్దుకోవడంతోనే సరిపోద్ది. ఫైలు అయిపోయింది. బల్ల మీద బుద్ధిగా కూర్చోనుంది. అయినా నిద్ర పట్టడం లేదు. ఆఖరి కవర్లో ఐదు బిల్లులు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. వాటి సంగతి తర్వాత. ముందు ఈయన మీద కోపం దించుకోవాలి.

మూడు రోజుల నుంచి ఇల్లంతా వెతుకులాటే. మోకాలి డాక్టరు కాయితాలన్నీ చీరల కొట్టు సంచిలో, బీపీ డాక్టరువి క్యాలెండరు వెనకాల, స్కాన్ పరుపు కింద. "ఏ ఆస్పత్రిది ఆ సంచిలో పెట్టా, ఇంతకంటే ఏం సర్దుతారు?" అని ఈయన వాదన. సరే, పెట్టారు. ఫిబ్రవరి రక్తపరీక్ష రిపోర్టు వెనకాల ఎకరాకి ఎన్ని పుట్లు దిగాయో లెక్క ఎందుకు వేశారు? కింద గ్యాస్ వాళ్ళ నంబరు. దాని మీద కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రం. ఆ గుండ్రం సరిగ్గా క్రియాటినిన్ అంకె మీదకి ఊరింది, కిడ్నీలు దెబ్బతింటే పెరిగేది అదే. 1.6 అని నాకు గుర్తుంది కాబట్టి సరిపోయింది, కొత్త డాక్టరు దాన్ని 1.8 అనుకుంటే? ల్యాబుకి పోయి ఇంకో కాపీ అడిగితే, "కంప్యూటరు మార్చామమ్మా, పాతవి లేవు" అన్నారు. ఐదు నెలల కిందటిది పాతదంట! వాళ్ళు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కితే గడువు అయిపోయిందని వస్తోంది. చిన్నోడు ఫోన్లో "అన్నీ ఫోటోలు తీసి పంపమ్మా, నేను పీడీఎఫ్ చేస్తా" అంటాడు. వాడికి పంపిన ఫోటోల్లో సగం నా బొటనవేలే.

మొదట నేనూ ఈయన లెక్కనే ఆస్పత్రివారీగా పెట్టుకుంటూ పోయాను, నిజం చెప్పాలంటే. మోకాలిది ఒక భాగం, బీపీది ఒక భాగం, కిడ్నీది ఒక భాగం. చూడ్డానికి బాగానే ఉంది. మా అక్క కూతురు, మందుల చదువు చదివింది గదా, ఫోను చేసి "పిన్నీ, అట్టా వద్దు. ఎవరు రాశారనేది వదిలెయ్. తేదీల వరసలో పెట్టు, అన్నీ కలిపి" అంది. విసుక్కున్నాను. పెట్టినవన్నీ మళ్ళీ ఊడదీశాను.

కాయితాల పని అంటే నాకు భయం ఎందుకో మీకు ఎప్పుడైనా చెప్పానా? నాన్నకి మొదటిసారి ఛాతీలో పట్టేసినప్పుడు కావలిలోనే ఈసీజీ తీశారు. నున్నటి కాయితం, గులాబీ రంగు గళ్ళు. ఆ గీతలు నెల నెలా పలచబడిపోతున్నాయని నేనే కనిపెట్టాను, బో తెలివిగా. ఇంకా అరిగిపోకుండా ఉంటుందని ట్రంకు రోడ్డు మీద జిరాక్సు కొట్టుకి తీసుకుపోయి లామినేషన్ చేయమన్నాను. మిషన్లోకి తెల్లగా పోయింది, అవతల నల్లగా వచ్చింది. మొత్తం నలుపు, పలక మాదిరి. ఆ కాయితం వేడి తగిలితే నల్లబడే రకం, అచ్చు వేసేదే వేడితో. కొట్టు కుర్రాడికి తెలీదు, నాకూ తెలీదు. రెండేళ్ళ తర్వాత నెల్లూరులో డాక్టరు కొత్త ఈసీజీ చేతిలో పట్టుకుని, "ఈ తేడా ఇంతకు ముందు నుంచీ ఉందా, ఇప్పుడు కొత్తగా వచ్చిందా? పాతది చూపిస్తే తెలిసిపోతుంది" అన్నాడు. నేను బ్యాగులోంచి ఆ నల్ల పలక తీశాను. ఆయన దాన్ని లైటుకి ఎత్తి చూశాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు. పాతదో కొత్తదో తేలక ఆ రాత్రి నాన్నని ఐసీయూలో పెట్టారు. పొద్దున బయటకొచ్చి "నా గుండె ఫోటో చూశారంట, బొగ్గు లాగా ఉందన్నారంట" అని పక్క మంచాలాయనకి చెప్పి నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ లామినేషన్ మిషను చూస్తే కడుపులో తిప్పుద్ది. ఈసారి స్కాన్‌తో ఇచ్చిన ఆ నున్నటి బొమ్మలన్నిటికీ మొదటి రోజే జిరాక్సు తీయించాను.

సరే, తేదీల వరస. లాంగుబుక్కులో కాయితం చింపి గళ్ళు గీశాను. క్రియాటినిన్ 2021 ఆగస్టులో 0.9, 2023 మార్చిలో 1.0, 2024 జూన్‌లో 1.1. మూడేళ్ళు కదల్లేదనే చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో 1.6, ఏప్రిల్‌లో 1.7. జూన్‌లో వేరే ల్యాబులో 1.4. పక్క గడిలో యూరియా. ఫిబ్రవరిలో 47, జూన్‌లో 20. ఆ 20 చూసి నాకు సంతోషం ఆగలేదు. సగానికి పైగా తగ్గిపోయింది, ఇంక చెన్నై ఎందుకు, టికెట్లు రద్దు చేద్దాం అని ఈయనతో అన్నాను కూడా. పిల్ల ఫోన్లో "అక్కడ యూరియా అని ఉందా, బీయూఎన్ అని ఉందా, సరిగ్గా చూడు" అంది. బీయూఎన్. అంటే యూరియాలో ఉన్న నైట్రోజన్ బరువు మాత్రమే లెక్కగట్టేదంట. దాన్ని 2.14తో గుణిస్తే యూరియా. 20 కాస్తా 43 అయి కూర్చుంది. తగ్గింది 4. నా సంతోషం అరగంట. ఒకే రక్తానికి రెండు పేర్లు పెట్టి రెండు అంకెలు ఇచ్చేవాళ్ళని ఏమనాలి? రిపోర్టు కింద ఒక్క ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? గడి పైన పేరు కొట్టేసి రెండు గడులు చేశాను.

క్రియాటినిన్‌కి ఆ మాయ లేదు. 1.7 నుంచి 1.4 దిగడం దిగడమే. ల్యాబు మారింది కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చంది పిల్ల, అయినా.

ఇంకో రిపోర్టు మూత్రపరీక్షది, ప్రోటీన్ ఏమీ లేదని ఉంది. సంబరపడేలోపు వయసు గడి చూశాను, 31. నా పేరే, నా ఇంటిపేరే, మనిషి మాత్రం వేరు. ల్యాబులో ఎవరి కవరు ఎవరికిచ్చారో! నాది ఆమె దగ్గర ఉంటే, పాపం, ఆ పిల్ల బెంబేలెత్తి ఉంటుంది. పక్కన తీసిపెట్టాను.

2021లో కడుపునొప్పికి తీసిన స్కాన్ పారేయబోయాను. పిత్తాశయం కోసం తీసింది, దీనికేం సంబంధం అని. చదివితే అందులో కిడ్నీల పొడవులు కూడా రాసున్నాయి, కుడి 9.9, ఎడమ 10.2 సెంటీమీటర్లు. మొన్న ఏప్రిల్ స్కాన్‌లో 9.8, 10.1. ఏళ్ళ తరబడి పాడవుతూ వచ్చిన కిడ్నీ మామూలుగా చిన్నదైపోతుందంట. ఈ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టాను. చూసేవాళ్ళు చూసుకుంటారు.

మందుల చీటీల దగ్గరే అసలు తంటా. మోకాలి డాక్టరు చీటీ మీద తేదీ లేదు. బీపీ డాక్టరుది తేదీ ఉంది, 2024 అక్టోబరు. పాత మాత్ర తీసేసి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన కొత్తది రాశాడు. మోకాలిది దీనికి ముందా, తర్వాతా? నాకు గుర్తు లేదు, ఈయనకీ గుర్తు లేదు. అప్పుడు ఈయన మాట్లాడకుండా లేచి, వంటింటి తలుపు వెనక వేలాడే కమ్మి తెచ్చి నా ముందు పెట్టారు. పాల బిల్లు, కరెంటు బిల్లు, మెడికల్ షాపు బిల్లు, అన్నీ ఒకే కమ్మికి గుచ్చుతారు గదా, ఆ దుమ్ము కమ్మి మీద నేను పెట్టిన శాపనార్థాలు మీకు కొత్త కాదు. నవంబరు 9వ తేదీ బిల్లు దొరికింది. డాక్టరు పేరు, నా పేరు, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు 20. రోజుకి రెండు, పది రోజులు. చీటీకి తేదీ దొరికింది. మెచ్చుకున్నానా? లేదు. "దుమ్ము దులిపి తెచ్చుండొచ్చుగా" అన్నాను.

కమ్మి మీద అదే మాత్ర బిల్లులు ఇంకో నాలుగున్నాయి. డిసెంబరులో 30, జనవరిలో 30, ఫిబ్రవరిలో 30, మార్చిలో 40. వాటి మీద డాక్టరు పేరు లేదు. పాత రేకు చూపించి నేనే కొనుక్కొచ్చాను. మొత్తం 150. పది రోజులకి రాసింది ఐదు నెలలు మింగాను, ఉజ్జాయింపుగా రోజుకొకటి. మెట్లు దిగాలంటే అది కావాల్సొచ్చింది, ఏం చేసేది?

ఏప్రిల్‌లో కిడ్నీ డాక్టరు అడిగాడు, "నొప్పి మాత్రలు వాడుతున్నారా?" అని. నేను "అప్పుడప్పుడూ" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నోట్లోంచి ఆ మాట అట్టా వచ్చేసింది. ఆయన అదే రాసుకున్నాడు. చీటీలో చూస్తే అదే పదం ఇంగ్లీషులో ఉంది. ఇంటికొచ్చి భయంతో మాత్ర మానేశాను, జూన్‌లో 1.4 వచ్చింది. ఆయనకి ఇది తెలీదు. తెలియకుండానే "ఇది పాత జబ్బే అయుంటుంది, ముదిరితే డయాలసిస్ దాకా పోవచ్చు" అన్నాడు. ఆ మాటకి భయపడే ఇంకొకరికి చూపించుకోవాలనుకున్నాం. ఆయన్ని మూడు నెలలుగా తిట్టుకుంటున్నాను. ఇవాళ ఆ తిట్లు పట్టుకుని ఎటు పోవాలో తెలీడం లేదు.

పిల్లకి బిల్లుల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత వివరంగా చెప్పింది. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని బిగిస్తుందంట. టెల్మిసార్టాన్ రక్తం బయటకి పోయే దారిని వదులు చేస్తుందంట. దాంతో కలిసిన హైడ్రోక్లోరోథయాజైడ్ నీళ్ళ మాత్ర, ఒంట్లో నీరే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి ఉంటే వడపోతకి కావాల్సిన ఒత్తిడి పడిపోతుంది. బీపీ మాత్ర ఒక సంచిలో, మోకాలి మాత్ర ఇంకో సంచిలో ఉన్నన్నాళ్ళూ అక్టోబరు పక్కన నవంబరు ఉందని ఎవరూ చూడలేదు. "అదే కారణమని నేను చెప్పను పిన్నీ, అది వాళ్ళు తేల్చాలి. బీపీ మాత్ర మాత్రం నీ అంతట నువ్వు మానొద్దు" అని రెండుసార్లు చెప్పింది.

అందుకే ఆ బిల్లులు. పెడితే అక్కడ కూడా చివాట్లు తప్పవు, చదువుకున్నదానివి, ఇంత మాత్రం తెలీదా అంటారు. సాయంత్రం తీసేశాను. నాన్న నల్ల పలక గుర్తొచ్చి అన్నం తిన్నాక మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఫైలు మొదటి పేజీలో వయసు, బీపీ ఎన్నేళ్ళ నుంచి, ఇప్పుడు వాడే మందులు, కింద ఒక్క ప్రశ్న, "ఇది పాతదా, మాత్రల వల్ల వచ్చిందా?" అని ఉంది. తర్వాత గళ్ళ కాయితం, ఆ తర్వాత తేదీల వరసలో రిపోర్టులు, అసలువీ జిరాక్సులూ విడివిడిగా. అసలువి ఎవరి చేతికీ ఇవ్వను. మందుల పట్టికలో ఎసిక్లోఫెనాక్ పక్కన "అప్పుడప్పుడూ" అని పెన్సిలుతో రాసుంది, నిన్నటిది. ఇందాక రబ్బరుతో తుడిచి పెన్నుతో రాశాను. 2024 నవంబరు 9 నుంచి 2025 ఏప్రిల్ మొదటి వారం దాకా, 150 మాత్రలు, పది రోజుల తర్వాతవి సొంతంగా కొన్నవి.

ఈయన ఇప్పుడే లేచొచ్చి లైటు వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆ కమ్మి యాడ పెట్టావు? పొద్దున పాలబ్బాయి బిల్లిస్తాడు" అంటున్నారు.